సీలింగ్‌లో కరిగే ఉప్పు

డిసెంబరు ఉదయాన కొబ్బరినూనె సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. కాసేపు ఎండ తగిలే చోట పెడితే కరిగిపోతుంది. ఆ నూనె కరిగేది 24, 25 డిగ్రీల దగ్గర. రాత్రి గది అంతకంటే కిందికి దిగిందని సీసా చూస్తేనే తెలుస్తుంది.

కరిగేటప్పుడు జరిగే ఒక సంగతి మాత్రం కంటికి కనపడదు. సీసాలో థర్మామీటరు పెట్టి చూస్తే, గడ్డ మొత్తం కరిగేదాకా పాదరసం దాదాపు అక్కడే నిలబడి ఉంటుంది. ఎండ వేడి లోపలికి పోతూనే ఉంటుంది, నూనె మాత్రం వేడెక్కదు. ఆ వేడంతా గట్టిగా పేర్చుకుని ఉన్న అణువులను విడదీయడానికే ఖర్చయిపోతుంది. బడిలో దీన్నే గుప్తోష్ణం అని చదువుకున్నాం. మళ్లీ చల్లబడి గడ్డకట్టేటప్పుడు దాచుకున్న వేడినంతా నూనె తిరిగి బయటికి వదిలేస్తుంది.

ఈ గుణాన్ని గోడల్లో, సీలింగుల్లో వాడుకోవడానికి తయారుచేసినవే ఫేజ్ చేంజ్ మెటీరియల్స్. వ్యాపారంలో పొట్టిగా పీసీఎం అంటారు. పగలు గదిలోని వేడిని తాగి కరుగుతాయి. రాత్రి చల్లగాలికి ఆ వేడిని వదిలేసి గడ్డకడతాయి. కరెంటు అక్కర్లేదు, తిరిగే భాగాలు లేవు. మధ్యాహ్నం 34 డిగ్రీలకు పోవాల్సిన గది 31, 32 దగ్గర ఆగుతుంది. అన్నీ అనుకూలిస్తే పరీక్ష గదుల్లో కనిపించే తేడా మామూలుగా ఆ రెండు మూడు డిగ్రీలే. ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు అది తక్కువేమీ కాదు.

మరి ఎండలకు పేరుపడ్డ మన ఊళ్లలో ఇది ఇంటింటికీ ఎందుకు రాలేదు? ఖరీదు ఒక కారణం. దానికంటే పెద్ద కారణం మన రాత్రుల్లో ఉంది. దాని గురించి చెప్పుకునే ముందు ఈ సరుకేమిటో కాస్త దగ్గరగా చూడాలి.

ఇళ్లకు వాడే పీసీఎంలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మైనం జాతి. పెట్రోలియం నుంచి తీసే పారఫిన్లు, పామాయిల్ వంటి నూనెల నుంచి చేసే కొవ్వు ఆమ్లాలు ఇందులోకి వస్తాయి. పారఫిన్ గొలుసులో కార్బన్ల సంఖ్యను బట్టి అది ఎక్కడ కరగాలో ఎంచుకోవచ్చు. 16 కార్బన్లున్నది 18 డిగ్రీల దగ్గర, 18 ఉన్నది 28 దగ్గర కరుగుతుంది. జర్మనీలో బీఏఎస్ఎఫ్ సంస్థ ఈ మైనాన్ని కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ గుళికల్లో బంధించి, ఆ పొడిని జిప్సం బోర్డుల్లో కలిపే పద్ధతిని మార్కెట్లోకి తెచ్చింది. గోడకు బిగించిన బోర్డు చూడటానికి మామూలు బోర్డే. మైనం కరిగినా గుళిక దాటి బయటికి రాదు, కాబట్టి మరక పడదు, కారదు. దీనికున్న చిక్కు నిప్పు. ఎంత గుళికల్లో ఉన్నా మైనం మండే వస్తువే.

రెండోది నీటిని తమలో బంధించుకున్న లవణాల జాతి. కాల్షియం క్లోరైడ్‌లో ఒక్కో అణువుకు ఆరు నీటి అణువులు చేరితే ఏర్పడే స్ఫటికం 29 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. సోడియం సల్ఫేట్‌కు పది నీటి అణువులు చేరినది గ్లాబర్ లవణం. అది 32 దాటాక కరుగుతుంది. ఈ ఉప్పులు మండవు, మైనం కంటే చవక, తక్కువ చోటులో ఎక్కువ వేడి పడుతుంది. అయితే వీటితో వేగడం కష్టం. ఎంత కష్టమో మొదట తెలిసింది అమెరికాలోని ఒక ఇంట్లో.

డోవర్ ఇంటి కథ

1948లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోవర్ ఊళ్లో ఒక ఇల్లు కట్టారు. హంగరీలో పుట్టిన శాస్త్రవేత్త మారియా టెల్క్స్ ఆలోచన అది. నక్షా గీసింది ఆర్కిటెక్ట్ ఎలియనోర్ రేమండ్, డబ్బు పెట్టింది అమీలియా పీబాడీ. ముగ్గురూ ఆడవాళ్లే. చలి దేశం కనుక అక్కడి అవసరం మనకు తలకిందులు. పగటి ఎండను దాచి రాత్రి గదులకు పంచాలి. దక్షిణం వైపు పై అంతస్తు అంతా అద్దాలు పెట్టి, ఆ అద్దాల వెనక వేడెక్కిన గాలిని ఫ్యాన్లతో గదుల మధ్య ఉన్న అరల్లోకి తోలారు. ఆ అరల్లో డబ్బాల నిండా గ్లాబర్ లవణం. మొత్తం 20 టన్నుల పైమాటే.

మొదటి రెండు చలికాలాలు ఇల్లు బాగానే వెచ్చగా ఉంది. ఆ తరువాత ఉప్పు మొరాయించింది. గ్లాబర్ లవణం కరిగేటప్పుడు దానిలోంచి వచ్చిన నీరు ఉప్పునంతా కరిగించుకోలేదు. కరగని పొడి ఉప్పు బరువుగా ఉంటుంది కాబట్టి డబ్బా అడుగుకు చేరుతుంది. నీరు పైకి తేలుతుంది. మళ్లీ చల్లబడినప్పుడు ఆ రెండూ కలిసే చోట పలుచని పొర మాత్రమే స్ఫటికంగా మారుతుంది. అడుగున ఉన్న ఉప్పుకు నీరు అందదు, పైనున్న నీటికి ఉప్పు అందదు. ఒక్కో రోజు గడిచేకొద్దీ పనిచేసే ఉప్పు తగ్గుతూ వచ్చింది. పైగా డబ్బాలు తుప్పుపట్టి కారాయి. కొన్నేళ్లకే ఆ ఏర్పాటునంతా తీసేసి మామూలు హీటర్ పెట్టుకున్నారు.

ఈ జాతి ఉప్పుకు ఇంకో మొండితనం ఉంది. గడ్డకట్టాల్సిన ఉష్ణోగ్రతకు దిగినా గడ్డకట్టకుండా, ఇంకా కొన్ని డిగ్రీలు దిగేదాకా ద్రవంగానే ఉండిపోతుంది. మొదటి స్ఫటికం పుట్టడానికి ఒక ఆనవాలు కావాలి. గ్లాబర్ లవణంలో కాస్త బొరాక్స్ కలిపితే ఆ స్ఫటికాలను చూసి ఇవి పేరుకుంటాయని టెల్క్స్ కనిపెట్టింది. కాల్షియం క్లోరైడ్‌కు స్ట్రాన్షియం క్లోరైడ్ ఆ పని చేస్తుంది. ఉప్పు అడుగుకు దిగిపోకుండా చిక్కటి జెల్ కలపడం, లోతైన డబ్బాలు మాని పలుచని సంచుల్లో నింపడం తరువాత వచ్చిన జాగ్రత్తలు. ఇవాళ సీలింగులపై పరిచే సంచులు, పలకలు అంత పలుచగా ఉండటానికి డోవర్ డబ్బాల అనుభవం కూడా ఒక కారణం.

పన్నెండడుగుల గది లెక్క

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గది తీసుకుందాం. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. మధ్య అంతస్తులో ఉంది, అంటే పైన ఇంకొకరి ఇల్లు ఉంది. ఏసీ లేదు, సీలింగ్ ఫ్యాన్ ఉంది. సీలింగ్ వైశాల్యం పదమూడు చదరపు మీటర్ల పైచిలుకు. దాని కింద 29 డిగ్రీల దగ్గర కరిగే కాల్షియం క్లోరైడ్ రకం పలకలు మొత్తం 50 కిలోలు బిగించామనుకుందాం. 50 కిలోలంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ, సీలింగ్ అంతా పరిస్తే ఉప్పు మందం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు.

కిలో ఉప్పు పూర్తిగా కరగడానికి సుమారు 180 కిలోజౌళ్ల వేడి తాగుతుంది. యాభై కిలోలకు 9,000 కిలోజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో రెండున్నర యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు మూడున్నర యూనిట్ల వేడిని గదిలోంచి తోడేస్తుంది. అంటే సీలింగ్ నిండా పరిచిన ఉప్పు రోజంతా చేసే పని, ఒక టన్ను ఏసీ పూర్తి బలంతో ముప్పావు గంట నడిచినప్పుడు చేసే పనికి సమానం. అమ్మేవాళ్లు ఈ పోలిక చెప్పరు. కానీ మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

అయితే ఉప్పు ఆ పనిని ముప్పావు గంటలో చేయదు. గది గాలి 32 డిగ్రీలు, సీలింగ్ 29 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ మూడు డిగ్రీల తేడాకు సీలింగ్ మొత్తం దాదాపు 280 వాట్ల చొప్పున వేడిని లాక్కుంటుంది. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి వంద వాట్ల వేడి వస్తుందనుకుంటే, ముగ్గురు మనుషుల వేడిని గది మీద పడకుండా సీలింగే పట్టేస్తోందన్నమాట. ఆ చొప్పున యాభై కిలోలూ కరగడానికి తొమ్మిది గంటలు పడుతుంది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం ఆరు దాకా వస్తుంది. పీసీఎం బలం ఇక్కడే ఉంది. అది మెల్లగా, మధ్యాహ్నం పొడవునా పనిచేస్తుంది. పైగా 29 దగ్గర నిలబడ్డ సీలింగ్ కింద కూర్చున్నవాళ్లకు పైనుంచి సెగ కొట్టదు. థర్మామీటరు చూపించే దానికంటే హాయి ఎక్కువగా ఉంటుంది.

మరి వంద కిలోలు పెడితే రెండింతల మేలు జరుగుతుందా? జరగదు. గాలికీ సీలింగ్‌కూ మధ్య వేడి దాటే వేగం ఉప్పు బరువును బట్టి ఉండదు, సీలింగ్ వైశాల్యాన్నీ ఉష్ణోగ్రతల తేడానూ బట్టి ఉంటుంది. తొమ్మిది గంటల్లో యాభై కిలోలు కరిగే వేడే దాటితే, మిగతా యాభై కిలోలు గడ్డగానే ఉండిపోతాయి. ఫ్యాను వేగం పెంచితే కొంత నయం.

ఇక రాత్రి సంగతి. ఉప్పు మర్నాడు పనిచేయాలంటే తెల్లారేలోగా మళ్లీ గడ్డకట్టాలి. పగలు తాగిన రెండున్నర యూనిట్ల వేడినీ కక్కాలి. దానికీ అవే 280 వాట్లు, అవే మూడు డిగ్రీల తేడా, అవే తొమ్మిది గంటలు కావాలి. సీలింగ్ 29 అయితే గది గాలి 26 ఉండాలి, అదీ రాత్రంతా. ఏప్రిల్‌లో హైదరాబాద్ సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 24 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి సరిపోతుందని అనిపిస్తుంది. కానీ కనిష్ఠం అనేది తెల్లవారుజామున కాసేపు ఉండే లెక్క. రాత్రి పదింటికి బయట ఇంకా 29, 30 ఉంటుంది. సీలింగ్‌ను నిజంగా చల్లార్చే గాలి అర్ధరాత్రి దాటాకే దొరుకుతుంది. అంటే చేతిలో ఉండేవి ఐదారు గంటలు. తొమ్మిది గంటల పనిలో మూడింట రెండు వంతులు అవుతుంది. మిగతా ఉప్పు మర్నాటికి ద్రవంగానే మిగిలిపోతుంది.

ఆ ఐదారు గంటలైనా గాలి లోపలికి రావాలి. 280 వాట్ల వేడిని మోసుకుపోవాలంటే, బయటికీ లోపలికీ రెండు డిగ్రీల తేడా ఉన్నప్పుడు గంటకు 400 ఘనపు మీటర్లకు పైగా గాలి మారాలి. మన గదిలో పట్టే గాలి 40 ఘనపు మీటర్లు. గంటకు పదిసార్లు గది గాలంతా కొత్తది కావాలన్నమాట. దోమల మెష్ ఉన్న ఒక్క కిటికీ తీసి పెడితే ఇది అయ్యే పని కాదు. ఎదురెదురు కిటికీలైనా ఉండాలి, లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యానైనా నడవాలి. కింది అంతస్తుల్లో దొంగల భయానికి, రోడ్డు పక్కన దుమ్ముకీ రొదకీ రాత్రి కిటికీలు మూసుకునే ఇళ్లలో పీసీఎం ఒక్క వారంలో పూర్తిగా కరిగి కూర్చుంటుంది. ఆ తరువాత అది సీలింగ్‌కు బరువు తప్ప మరేమీ కాదు.

అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2012లో ప్రారంభించిన మాలిక్యులర్ ఇంజినీరింగ్ భవనంలో సీలింగుల్లో, గోడల్లో ఇలాంటి జెల్ పెట్టారు. రాత్రిపూట కిటికీలు తెరుచుకుని చల్లగాలి దాన్ని గడ్డకట్టిస్తుంది. అక్కడ జులై పగలు 26 డిగ్రీలుంటే రాత్రి 14కి దిగుతుంది. పది పన్నెండు డిగ్రీల తేడాతో రాత్రి గాలి పనిచేస్తే ఏ జెల్ అయినా గడ్డకడుతుంది. మనం ఆ మూడు డిగ్రీల కోసం తెల్లవారుజాము దాకా కాచుకోవాలి.

మే నెలలో ఏమవుతుంది

హైదరాబాద్‌లో మే నెల సగటు కనిష్ఠం 26 దగ్గర, విజయవాడలో 28 దగ్గర ఉంటుంది. ఇక్కడ ఇంకో మెలిక కూడా చూడాలి. డబ్బా మీద రాసే కరిగే ఉష్ణోగ్రతా, అది నిజంగా గడ్డకట్టే ఉష్ణోగ్రతా ఒకటి కావు. 29 దగ్గర కరిగే సరుకు 27 దాకా దిగితే గానీ గడ్డకట్టడం మొదలుపెట్టకపోవచ్చు. అప్పుడు హైదరాబాద్ మే రాత్రి 26 డిగ్రీల గాలికి చేతిలో ఉన్న తేడా ఒక్క డిగ్రీ. ఆ చొప్పున పూర్తిగా గడ్డకట్టడానికి 27 గంటలు కావాలి. రాత్రికి అన్ని గంటలు లేవు. విజయవాడలో 28 డిగ్రీల గాలితో అసలు గడ్డకట్టదు.

కాబట్టి పీసీఎం ఎక్కువ ఉపయోగపడేది మనం ఎక్కువ ఉక్కిరిబిక్కిరయ్యే రోజుల్లో కాదు. దక్కన్ పీఠభూమి మీద ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ సగం దాకా, మళ్లీ అక్టోబరులో, పగలు వేడి రాత్రి చల్లదనం ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. మేలో నీరసిస్తుంది. డిసెంబరులో గది 29 దాటదు కనుక గడ్డగా పడుకుంటుంది. కోస్తాలో ఉక్కపోత రాత్రుల్లో దానికి ఊపిరాడదు.

దీనికి ఒక విరుగుడు ఉంది. ఇంకాస్త ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర కరిగే సరుకు ఎంచుకోవడం. యూరప్ బోర్డుల్లో 21, 23, 26 డిగ్రీల రకాలు మామూలు. అక్కడి రాత్రులకు అవి సరిపోతాయి. అదే సరుకును తెచ్చి ఏసీ లేని మన గదిలో పెడితే మార్చిలోనే కరిగిపోయి, వానలు పడేదాకా తిరిగి గడ్డకట్టదు. మన దగ్గర 29 నుంచి 32 మధ్య కరిగేది కావాలి. 32 అంటే వేడి కదా అనుకోవచ్చు. కానీ అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం వివిధ వాతావరణాల నగరాల్లో ఆఫీసు ఉద్యోగులను అడిగి తయారుచేసిన సౌకర్య సూత్రాన్ని 2016 జాతీయ భవన నియమావళిలో చేర్చారు. దాని ప్రకారం బయట సగటు ఉష్ణోగ్రత 33 ఉన్న రోజుల్లో, ఏసీ లేని భవనంలో ఉండేవాళ్లకు 30, 31 డిగ్రీలు బాగానే ఉంటుంది, 33 దాకా ఓర్చుకోగలరు. ఎండాకాలం ఫ్యాను కింద పెరిగినవాళ్లకు ఈ మాట వింతగా అనిపించదు. 36కి పోయే గదిని 33 దగ్గర ఆపగలిగితే అది మేలే.

ఏసీ గదుల లెక్క వేరు. ఏసీని రోజంతా 24 దగ్గర నడుపుతూ, 26 దగ్గర కరిగే పీసీఎం పెట్టించుకుంటే అది ఎన్నడూ కరగదు. ఎన్నడూ కరగని పీసీఎం డబ్బులు దండగ. ఏసీని కొన్ని గంటలు ఆపి ఉంచే అలవాటు ఉన్నచోటే దానికి పని దొరుకుతుంది. ఉదాహరణకు మధ్యాహ్నం మేడ మీది సోలార్ కరెంటుతో గదిని బాగా చల్లబరిచి ఉప్పును గడ్డకట్టించి, సాయంత్రం ఏసీ ఆపేసి దాని మీద రెండు మూడు గంటలు గడపొచ్చు.

ఎక్కడ పెట్టకూడదు

మన లెక్కలోని గది మధ్య అంతస్తులో ఉందని మొదటే అనుకున్నాం. పై అంతస్తు అయితే కథ మారిపోతుంది. మే మధ్యాహ్నం సున్నమైనా వేయని స్లాబ్ పైభాగం 55, 60 డిగ్రీలకు చేరుతుంది. సాయంత్రానికి ఆ సెగ లోపలి వైపుకు దిగి, సీలింగ్ ప్రతి చదరపు మీటరు నుంచీ 40, 50 వాట్ల వేడిని గదిలోకి కురిపిస్తుంది. మన ఉప్పు చదరపు మీటరుకు దాచుకోగలిగింది 200 వాట్-గంటలే. స్లాబ్‌కు ఆనించి బిగిస్తే నాలుగైదు గంటల్లో నిండిపోతుంది. అసలు నష్టం ఆ తరువాత. అర్ధరాత్రి దాటినా స్లాబ్ ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి, పక్కనే ఉన్న ఉప్పుకు గడ్డకట్టే అవకాశమే ఇవ్వదు.

అలాంటి ఇంటికి ముందు కావాల్సింది పైన తెల్లటి పూత. ఎండను వెనక్కి కొట్టే సున్నం గానీ, కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్స్ గానీ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ఆ పైన వీలైతే ఇన్సులేషన్. ఇవి లోపలికి వచ్చే వేడినే ఆపుతాయి. పీసీఎం వచ్చిన వేడిని కాసేపు దాస్తుందంతే. వచ్చేదాన్ని ఆపకుండా దాచేదానికి డబ్బు పెట్టడం తెలివైన పని అని నేననుకోను. రేకుల ఇళ్లకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది.

ఇంకో సంగతి చెబితే పీసీఎం అమ్మేవాళ్లకు కోపం రావచ్చు. మన అపార్ట్‌మెంట్లలో ఐదంగుళాల కాంక్రీటు స్లాబ్ ఉంటుంది. దాని బరువు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోలు. కాంక్రీటు కరగదు కానీ అంత బరువున్నది మూడు డిగ్రీలు వేడెక్కితే, మన ఉప్పు పొర పూర్తిగా కరిగినప్పుడు తాగేంత వేడిని అదీ తాగుతుంది. మధ్య అంతస్తులో ఆ స్లాబే ఉచితంగా వచ్చిన వేడి డబ్బా. మనం ఏం చేస్తున్నాం? అందం కోసం దాని కింద జిప్సం ఫాల్స్ సీలింగ్ వేసి, గది గాలికి స్లాబ్ అందకుండా చేస్తున్నాం. ఆ తరువాత గది వేడెక్కుతోందని వాపోతున్నాం. ఫాల్స్ సీలింగ్ తప్పదనుకున్న గదుల్లో ఆ బోర్డే పీసీఎం బోర్డు అయితే పోగొట్టుకున్నది కొంత తిరిగి వస్తుంది. అలాగే బరువైన గోడలూ స్లాబూ లేని కట్టడాల్లో, అంటే ఇన్సులేషన్ ఉన్న ప్రీఫాబ్ ఆఫీసుల్లో, కంటైనర్ గదుల్లో, సైట్ క్యాబిన్లలో పీసీఎం నిజంగా తేడా చూపిస్తుంది. చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోలతో 300 కిలోల కాంక్రీటు పని చేయించడం అక్కడే లాభం.

గోడల్లో పెట్టడం గురించి ఎక్కువ చెప్పలేదు. కారణం ఉంది. గోడలకు బీరువాలు ఆనతాయి, క్యాలెండర్లు వేలాడతాయి, మేకులు దిగుతాయి. ఉప్పు సంచికి ఒక్క మేకు దిగితే కాల్షియం క్లోరైడ్ కారుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని ఎప్పటికీ ఆరని మరక అవుతుంది. కాంక్రీటులోకి ఇంకితే లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. గోడలో పెట్టాలంటే గుళికల మైనం బోర్డే మేలు. అప్పుడు మంటలను తట్టుకునే పరీక్ష పత్రం అడిగి చూడాలి.

పెట్టించుకున్నాక అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పారదర్శకమైన సంచులైతే తెల్లవారుజామున ఒకదాన్ని నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉండాలి. మెత్తగా కదిలితే రాత్రి గడ్డకట్టలేదన్నమాట. బోర్డుల్లో కలిపినదైతే వేలికి తెలియదు. ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేసే చిన్న లాగర్‌ను సీలింగ్‌కు అంటించి ఒక వారం ఉంచాలి. పని జరుగుతుంటే గీత ఉదయం పైకి ఎక్కి, కరిగే ఉష్ణోగ్రత దగ్గర మూడు నాలుగు గంటలు అడ్డంగా సాగి, సాయంత్రం మళ్లీ కదులుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా కొండ ఎక్కినట్టు పైకే పోతుంటే లోపల ఉన్నది కరగడమూ లేదు, గడ్డకట్టడమూ లేదు. మొదటి ఏడు కనిపించిన ఆ అడ్డగీత మూడో ఏడుకు పొట్టిదైతే ఉప్పు విడిపోతోందనో, సంచిలోంచి నీరు ఆవిరవుతోందనో అర్థం.

కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది? ఎన్ని వేలసార్లు కరిగించి గడ్డకట్టించి పరీక్షించారు, ఆ తరువాత వేడి దాచే శక్తి ఎంత మిగిలింది? కరిగే ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పి ఊరుకునేవారి దగ్గర కొనకండి. అంతకంటే ముందు, ఖర్చు లేని పరీక్ష ఒకటి మీరే చేసుకోండి. ఏప్రిల్‌లో ఒక వారం, మేలో ఒక వారం, రాత్రి పన్నెండింటికీ తెల్లవారుజామున ఐదింటికీ కిటికీలు తీసిన మీ గదిలో ఉష్ణోగ్రత రాసుకోండి. ఆ రెండు అంకెలూ అమ్మేవాళ్లు చెప్పిన గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటేనే ఆ సరుకు మీ ఇంటికి పనికొస్తుంది.